ఎఫ్‌ఎం శుభ్రంగా ఎందుకు వినిపిస్తుంది? దానికి కట్టే ధర ఎంత?

(గుంటూరులో ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు ముందుకు రండి బాబూ. ఈ రేడియో చిన్నది, దీని గొంతు అక్కడిదాకా రాదు.

ఇది బ్యాండ్లు మారే మామూలు రేడియో. ఇప్పుడు మీడియం వేవ్‌లో, అంటే ఏఎంలో, 837 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టాను, విజయవాడ కేంద్రం. పట్టపగలు కాబట్టి బాగానే వస్తోంది. ఇదుగో ఈ ఫోన్ ఛార్జర్‌ని ప్లగ్‌లో పెట్టి రేడియో పక్కకి తెస్తాను. (రేడియోలో గుయ్యిమనే మోత.) వార్తలు చదివేవాళ్లు తేనెపట్టులో కూర్చున్నట్టు ఉంది కదా! (నవ్వులు.) ఛార్జర్ కదపకుండా ఎఫ్‌ఎం నొక్కి 102.2 మెగాహెర్ట్జ్‌కి వెళ్తాను. చూశారా, పాట హాయిగా వస్తోంది. మోత లేదు.

ఎందుకని? చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: ఏఎంలో సమాచారం ఆంప్లిట్యూడ్‌లో ఉంటుంది సార్. నాయిస్ ఆంప్లిట్యూడ్‌నే పాడు చేస్తుంది. ఎఫ్‌ఎం రిసీవర్‌లో లిమిటర్ దాన్ని కోసేస్తుంది.)

పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయి. నేనూ చాలా ఏళ్లు మార్కులు వేశాను. కానీ ఆ జవాబు సగమే నిజం. ఇంకో సంగతి, ఇప్పుడు నేను చేసి చూపించిన ప్రయోగం కూడా పూర్తిగా న్యాయమైంది కాదు. ముందు నా తప్పు ఒప్పుకుని, తర్వాత మీ తప్పు దగ్గరికి వస్తాను.

ఛార్జర్ లోపల ఒక స్విచ్ సెకనుకి వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది. అది 64.5 కిలోహెర్ట్జ్ అనుకుందాం. దాని గుణిజాలన్నీ గాలిలోకి లీకవుతాయి. 13వ గుణిజం 838.5 కిలోహెర్ట్జ్. అంటే సరిగ్గా మన 837 స్టేషన్ ఇంట్లోకే వచ్చి కూర్చుంది. అదే ఛార్జర్ 102.2 మెగాహెర్ట్జ్‌ని పట్టుకోవాలంటే సుమారు 1,585వ గుణిజం కావాలి. అంత దూరం పోయేసరికి దానిలో ఓపిక ఉండదు. కాబట్టి ఇందాక ఎఫ్‌ఎం గెలిచిందంటే సగం గొప్పతనం మాడ్యులేషన్‌ది కాదు, ఆ బ్యాండ్‌ది. ఉరుములూ మెరుపులూ అంతే. మెరుపు నుంచి వచ్చే రొద మీడియం వేవ్‌లో దంచికొడుతుంది, వంద మెగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. వేసవి సాయంత్రం గాలివాన ముందు మీడియం వేవ్ పెట్టి చూడండి. మబ్బు ఇంకా మంగళగిరి కొండ అవతల ఉండగానే రేడియోలో చిటపట మొదలవుతుంది.

కాబట్టి న్యాయంగా పోల్చాలంటే రెండింటినీ ఒకే బ్యాండ్‌లో, ఒకే క్యారియర్ పవర్‌తో, ఒకే నాయిస్ మధ్య కూర్చోబెట్టాలి. అప్పుడు కూడా ఎఫ్‌ఎం గెలుస్తుందా? గెలుస్తుంది, ఒక షరతు మీద. ఆ షరతేమిటో చెప్పడానికే ఈ పూట వచ్చాను.

ముందు చోటు లెక్క. ఏఎంది తేలిక. క్యారియర్‌కి అటో సైడ్‌బ్యాండ్, ఇటో సైడ్‌బ్యాండ్. శబ్దంలో అత్యధిక ఫ్రీక్వెన్సీ ఎంతో దానికి రెండింతలు పడుతుంది. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. 837ని 9తో భాగించండి, సరిగ్గా 93 వస్తుంది. మిగతా స్టేషన్లూ అంతే, అన్నీ తొమ్మిదో ఎక్కంలోనే ఉంటాయి. తొమ్మిదిలో సగం నాలుగున్నర. పక్కింటివాళ్లతో గొడవ పడకుండా వినాలంటే రిసీవర్ ఆ నాలుగున్నర కిలోహెర్ట్జ్ దగ్గర కోసేయాలి. అందుకే ఏఎంలో మాట స్పష్టంగానే ఉంటుంది గానీ, కచేరీలో తాళాల టింగుమనే మెరుపు రాదు. 531 నుంచి 1602 దాకా లెక్కేస్తే మొత్తం బ్యాండ్‌లో 120 ఛానళ్లు పడతాయి.

ఎఫ్‌ఎం స్టేషన్ ఒక్కటి ఎంత తింటుంది? ప్రసార ఎఫ్‌ఎంలో క్యారియర్ తన చోటు నుంచి అటు 75, ఇటు 75 కిలోహెర్ట్జ్ దాకా ఊగుతుంది. దీన్నే డీవియేషన్ అంటాం. శబ్దం 15 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. కార్సన్ సూత్రం ప్రకారం ఈ రెండూ కలిపి రెట్టింపు చేయాలి. 90కి రెట్టింపు 180 కిలోహెర్ట్జ్. అంటే మీడియం వేవ్ బ్యాండ్ మొత్తాన్ని ఖాళీ చేయించి ఇచ్చినా, ఎఫ్‌ఎం స్టేషన్లు ఆరుకి మించి పట్టవు! ఎఫ్‌ఎం 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా పైకెక్కి కూర్చున్నది అందుకే, కింద చోటు లేక.

ఈ కార్సన్ కథ చెప్పాలి. అమెరికాలో జాన్ కార్సన్ అని టెలిఫోన్ కంపెనీలో పనిచేసే గణిత దిట్ట. ఆ రోజుల్లో కొందరికి ఒక ఆశ ఉండేది. క్యారియర్‌ని వంద హెర్ట్జ్ మాత్రమే అటూ ఇటూ ఊపితే స్టేషన్ మొత్తం రెండువందల హెర్ట్జ్‌లో ఇమిడిపోతుంది కదా, బ్యాండ్‌లో వేల స్టేషన్లు పెట్టుకోవచ్చు కదా అని. 1922లో కార్సన్ లెక్క కట్టి ఆ ఆశ మీద నీళ్లు చల్లాడు. ఎంత తక్కువ ఊపినా సైడ్‌బ్యాండ్లు తప్పవు, ఏఎంకి పట్టినంత చోటు ఎఫ్‌ఎంకీ పడుతుంది, పైగా దీనివల్ల ఒరిగేదేమీ లేదు అని తేల్చాడు. లెక్కలో ఒక్క తప్పు లేదు. కాకపోతే ఆయన ఆలోచించింది డీవియేషన్‌ని తగ్గించే వైపు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని తిరగేశాడు. ఎలాగూ చోటు మిగలదు కదా, ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటే ఏమవుతుంది అని చూశాడు. 1933లో పేటెంట్లు వచ్చాయి. 1935 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఇంజినీర్ల సభలో వినిపించాడు. గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు రేడియోలో ఎలా ఉన్నవి అలా వచ్చాయట. ఏఎంలో నీళ్లు పోసిన చప్పుడూ రొదా ఒకేలా ఉంటాయి మరి!

ఇప్పుడు బోర్డు చూడండి. గడియారం ముల్లు ఒకటి గీస్తున్నాను. పది సెంటీమీటర్లు. ఇది క్యారియర్. దీని కొనకి ఒక చిన్న ముల్లు తగిలించాను, ఒక సెంటీమీటర్. ఇది నాయిస్. చిన్న ముల్లు పెద్దముల్లు కొన చుట్టూ గిరగిరా తిరుగుతోంది. ఇప్పుడు మొత్తం పొడవు ఎంత? ఒకసారి 11, ఒకసారి 9. అంటే పది శాతం అటూ ఇటూ. ఏఎం రిసీవర్ చూసేది ఈ పొడవునే. స్టేషన్ నూరు శాతం మాడ్యులేట్ చేసినా, దానిముందు నాయిస్ పది శాతం. శబ్దం పదైతే రొద ఒకటి. వినడానికి చికాకుగా ఉంటుంది.

అమ్మాయి చెప్పిన లిమిటర్ ఏం చేస్తుంది? ఈ పొడవు తేడాని కోసి అంతా పది సెంటీమీటర్లకి సమం చేస్తుంది. నిజమే. కానీ ముల్లు కొన పైకీ కిందికీ మాత్రమే కదలడం లేదు కదా, పక్కలకీ ఊగుతోంది. ఈ కోణం చూడండి, అటు ఆరు డిగ్రీల లోపు, ఇటు ఆరు డిగ్రీల లోపు. 0.1 రేడియన్. లిమిటర్ దీన్ని ముట్టుకోదు. ముట్టుకోకూడదు కూడా, ఎందుకంటే స్టేషన్ పంపిన పాట ఉన్నదే కోణంలో. కాబట్టి లిమిటర్ పెట్టాక కూడా సగం నాయిస్ లోపలే ఉంది. నేను సగం నిజం అన్నది ఇందుకే.

మరి ఎఫ్‌ఎం ఎలా గెలిచింది? నాయిస్ కోణాన్ని తగ్గించి కాదు. పాట కోణాన్ని విపరీతంగా పెంచి. నాయిస్ ముల్లుని ఎంత తిట్టినా 0.1 రేడియనే ఊపగలదు, దానికి అంతకన్నా చేతకాదు. పాట ఎంత ఊపాలన్నది మన చేతుల్లో ఉంది.

లెక్క వేద్దాం. క్యారియర్‌కి ఒక కిలోహెర్ట్జ్ పక్కన, క్యారియర్‌లో పదోవంతు బలంతో ఒక అల్లరి సిగ్నల్ ఉందనుకోండి. అది కోణాన్ని 0.1 రేడియన్ ఊపుతుంది, సెకనుకి వెయ్యిసార్లు. రిసీవర్ కొలిచేది కోణం మారే వేగం. 0.1ని వెయ్యితో గుణిస్తే 100 హెర్ట్జ్. అంటే ఈ అల్లరి వల్ల వచ్చే దొంగ డీవియేషన్ వంద హెర్ట్జ్. స్టేషన్ ఇచ్చే అసలు డీవియేషన్ 75,000 హెర్ట్జ్. నిష్పత్తి 750. అదే అల్లరి సిగ్నల్‌కి ఏఎంలో నిష్పత్తి పది! ఒకే బ్యాండ్, ఒకే పవర్, ఒకే శత్రువు. ఇదీ న్యాయమైన పోలిక.

కానీ ఆ అల్లరి సిగ్నల్‌ని పది కిలోహెర్ట్జ్ దూరానికి జరపండి. 0.1ని పదివేలతో గుణించాలి. దొంగ డీవియేషన్ 1,000 హెర్ట్జ్ అయింది, నిష్పత్తి 75కి పడిపోయింది. పదిహేను దగ్గర 50. గమనించారా? ఎఫ్‌ఎంలో నాయిస్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. కింద సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ ఏటవాలుగా పెరుగుతుంది. త్రిభుజంలా ఉంటుందన్నమాట. ఎఫ్‌ఎంలో సిగ్నల్ తగ్గినప్పుడు గరగర రాదు, సన్నగా "స్స్స్" అని వస్తుంది. ఈ త్రిభుజమే కారణం. అందుకే స్టేషన్‌లో పై ఫ్రీక్వెన్సీలని ముందే పెంచి పంపుతారు, రిసీవర్‌లో అంతే తగ్గిస్తారు. ప్రీ-ఎంఫసిస్, డీ-ఎంఫసిస్. మన రేడియోల్లో సుమారు 3.2 కిలోహెర్ట్జ్ నుంచి ఈ తగ్గింపు మొదలవుతుంది. తగ్గించేటప్పుడు పాట మామూలు స్థాయికి వస్తుంది, దాంతోపాటు ఆ "స్స్స్" కూడా అణుగుతుంది.

ఇప్పుడు బేరం లెక్క. ఏఎంకి కూడా ఉదారంగా 15 కిలోహెర్ట్జ్ శబ్దం ఇద్దాం, దానికి 30 కిలోహెర్ట్జ్ చోటు పడుతుంది. ఎఫ్‌ఎంకి 180. అంటే ఆరింతల చోటు. లాభం ఎంత? త్రిభుజం అంచున, 15 దగ్గర, ఎఫ్‌ఎం నిష్పత్తి 50, ఏఎంది 10. అయిదింతలు. పవర్‌లో చూస్తే 25 రెట్లు. కానీ అది త్రిభుజంలో చెత్త చోటు, లోపలికి వచ్చేకొద్దీ ఇంకా మేలు. మొత్తం మీద సగటు తీస్తే ఇంకో మూడు రెట్లు కలిసొస్తుంది. 25 మూళ్లు 75. డెసిబెల్స్‌లో సుమారు 19. డీ-ఎంఫసిస్ లాభం ఇంకా కలపలేదు. దీన్ని కరెంటు బిల్లు భాషలో చెప్తాను. 10 కిలోవాట్ల ఎఫ్‌ఎం ఇచ్చే శుభ్రతని అదే చోట ఏఎంతో తేవాలంటే 750 కిలోవాట్ల క్యారియర్ కావాలి. ఏఎం దగ్గర అమ్మకానికి ఉన్నది పవర్ ఒక్కటే. ఎఫ్‌ఎం చోటు ఇచ్చి నిశ్శబ్దం కొనుక్కుంటుంది.

ఇదే లెక్కని వెనక్కి నడపండి. డీవియేషన్‌ని 75 నుంచి 15కి తగ్గిస్తే లాభం మూడు రెట్లే. 8.7 దగ్గరికి వస్తే ఏఎంతో సమానం. ఇంకా తగ్గిస్తే ఏఎం కన్నా ఎఫ్‌ఎంలోనే రొద ఎక్కువ. పాపం కార్సన్ చెప్పింది అక్షరాలా నిజమే, ఆయన నిలబడి చూసిన చోట.

ఈ చోటు ధర నాకు దెబ్బ తిని తెలిసింది. చదువుకునే రోజుల్లో విజయవాడ బేసెంట్ రోడ్డు దగ్గర ఒక రిపేరు షాపులో సాయంత్రాలు పని చేసేవాణ్ణి. ఒకాయన ఎఫ్‌ఎం సెట్టు తెచ్చాడు, పక్క స్టేషన్ దూరుతోందని. లోపల 10.7 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సెరామిక్ ఫిల్టర్ ఉంటుంది, మూడు కాళ్ల చిన్న బిళ్ల. అది తీసేసి, ఇంకా ఇరుకైనది, 110 కిలోహెర్ట్జ్‌ది వేశాను. పక్క స్టేషన్ పోయింది, రొదా తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడు ఆయన తిరిగొచ్చాడు. "పాట బాగానే ఉందయ్యా, మాట చీలుతోంది. 'సీతారామయ్య' అంటే 'సీ' దగ్గర కాగితం చిరిగినట్టు వస్తోంది" అన్నాడు. నిజమే. మనిషి గొంతులో "స, శ" పై ఫ్రీక్వెన్సీలో ఉంటాయి. ప్రీ-ఎంఫసిస్ వాటిని ఇంకా పెంచుతుంది. క్యారియర్ అక్కడే ఎక్కువ ఊగుతుంది, నా ఇరుకు ఫిల్టర్ ఆ రెక్కల్ని కోసేస్తోంది. ఏఎంలో ఫిల్టర్ ఇరుకైతే పాట మొద్దుబారుతుంది, అంతే. ఎఫ్‌ఎంలో అయితే చిరుగుతుంది. ఎక్కడైనా బిగ్గరగా ఉన్నచోటే, "స" దగ్గరే చీలుతోందంటే ముందు ట్యూనింగ్, తర్వాత ఆ ఫిల్టర్ చూడండి. స్పీకర్ మార్చకండి.

(ఒక విద్యార్థి: సార్, మా కారులో స్టీరియో గుర్తు వెలిగినప్పుడు నాయిస్ పెరుగుతుంది, ఆరిపోతే తగ్గుతుంది. సిగ్నల్ అదే కదా?)

భలే అడిగావు. త్రిభుజం గుర్తుందా? స్టీరియోలో ఎడమ, కుడి చెవుల తేడాని 38 కిలోహెర్ట్జ్ చుట్టూ, అంటే 23 నుంచి 53 దాకా పెట్టి పంపుతారు. ఆ చోటు త్రిభుజంలో ఎక్కడుంది? బాగా పైన, నాయిస్ కొండంత ఉన్నచోట. స్టీరియో వినాలంటే ఆ కొండ మీద నుంచి సామాను కిందికి దింపుకోవాలి, రొద కూడా దాంతోపాటు దిగుతుంది. తేడా 20 డెసిబెల్స్ పైనే ఉంటుంది. అందుకే సిగ్నల్ తగ్గగానే మంచి కారు రేడియో నిన్ను అడక్కుండానే మోనోకి జారుకుంటుంది.

ఇక ఎఫ్‌ఎం ఓడిపోయే చోటు. బోర్డు మీద ఆ చిన్న ముల్లుని పెంచుతాను. రెండు సెంటీమీటర్లు, అయిదు, తొమ్మిది. ఇంతవరకు కోణం ఊగుతూనే ఉంది, కానీ ఒక హద్దులో. ఇప్పుడు పదకొండు చేశాను, పెద్దముల్లు కన్నా పొడుగు. ఏమైంది? కొన ఇప్పుడు మధ్య చుక్క చుట్టూ ఏకంగా ఒక రౌండు కొట్టేస్తోంది. ఆరు డిగ్రీలు ఊగేది కాస్తా 360 డిగ్రీలు తిరిగింది. రిసీవర్‌లో అది "టక్" మని వినిపిస్తుంది. నాయిస్ ఎప్పుడూ ఒకే పొడవులో ఉండదు కదా, అప్పుడప్పుడు ఎగురుతుంది. సగటున సిగ్నల్ పవర్ నాయిస్ పవర్‌కి పది రెట్లు ఉన్నంతవరకు ఈ టక్కులు చాలా అరుదు. అంతకన్నా దిగిందా, టక్కులు కలిసిపోయి పాటని మింగేస్తాయి. దీన్నే థ్రెషోల్డ్ అంటారు. పైగా చోటు ఎక్కువ తీసుకున్నాం కదా, పెద్ద తలుపు తెరిచాం. 9 కిలోహెర్ట్జ్ తలుపులోంచి వచ్చేదానికి 180లోంచి ఇరవై రెట్ల నాయిస్ లోపలికి వస్తుంది. కాబట్టి చోటు పెంచినకొద్దీ హద్దు లోపల నిశ్శబ్దం పెరుగుతుంది, కానీ హద్దు కూడా త్వరగా వచ్చేస్తుంది.

మీరే చూడొచ్చు. విజయవాడ నుంచి బయలుదేరి గుంటూరు మీదుగా నరసరావుపేట, వినుకొండ వైపు 102.2 పెట్టుకుని పోండి. చాలా దూరం తేడా తెలియదు. తర్వాత ముందు "స్స్స్" వస్తుంది, తర్వాత చిటపట, ఆ తర్వాత కొద్ది కిలోమీటర్లలోనే పాట చచ్చిపోతుంది. మధ్యలో మిట్ట ఎక్కితే బతుకుతుంది, దిగితే మళ్లీ పోతుంది. అదే దారిలో 837 పెట్టండి. రొద మెల్లమెల్లగా పెరుగుతుంది, కానీ రొద వెనక మాట వినిపిస్తూనే ఉంటుంది. మీడియం వేవ్ నేలని పట్టుకుని పాకుతుందన్నది ఒక కారణం. ఏఎంకి అలాంటి అంచు లేకపోవడం రెండో కారణం. వార్త చెవిన పడితే చాలనుకునేవాడికి ఏఎం చాలు.

(ఇంకో విద్యార్థి: మరి గన్నవరంలో విమానాలు ఇంకా ఏఎంలోనే మాట్లాడతాయట కదా సార్? వాళ్లకి చోటు లేకనా?)

అవి 118 మెగాహెర్ట్జ్ పైన మాట్లాడతాయి, మన ఎఫ్‌ఎం స్టేషన్లకి కూతవేటు దూరంలో. అయినా ఏఎమ్మే. పాత పరికరాలతో సర్దుకోవాలన్నది ఒకటి, ఛానల్ ఇరుకు కాబట్టి ఎక్కువ విమానాలకి చోటు దొరుకుతుందన్నది ఇంకొకటి. కానీ నాకు బాగా నచ్చేది మూడో కారణం. మళ్లీ మన ముళ్లే చూడండి. రెండు ఎఫ్‌ఎం స్టేషన్లు ఒకే చోట మాట్లాడితే పొడుగు ముల్లుదే రాజ్యం, పొట్టిది ఆరు డిగ్రీలు ఊగి ఊరుకుంటుంది. బలమైనదే వినిపిస్తుంది, రెండోది ఉన్నట్టే తెలియదు. దీన్ని క్యాప్చర్ అంటారు. పాటలకి అది వరం. కానీ ఆకాశంలో ఇద్దరు పైలట్లు ఒకేసారి మాట్లాడారనుకోండి, దూరంగా ఉన్నవాడు ఇంధనం అయిపోతోందని అరుస్తున్నాడనుకోండి. ఎఫ్‌ఎం అయితే దగ్గరివాడి మాట ఒక్కటే శుభ్రంగా వినిపిస్తుంది. ఏఎంలో రెండు క్యారియర్లూ గుద్దుకుని కీచుమని ఈల వస్తుంది. మాట అర్థం కాకపోయినా, ఇంకొకడు కూడా లైన్లో ఉన్నాడని కంట్రోలర్‌కి తెలిసిపోతుంది. అప్పుడు ఒక్కొక్కరినే మళ్లీ చెప్పమంటాడు.

సరే, టీ వచ్చినట్టుంది. ఆ ఛార్జర్ ఎవరిదో తీసుకోండి బాబూ, ఇంకా ప్లగ్‌లోనే ఉంది.